సిస్ట్ ఉన్నవాళ్ళకి హఠాత్తుగా కడుపునొప్పి వస్తే: తగ్గిపోయిందని ఆగవద్దు

ప్రశ్న: మా చెల్లికి 24 ఏళ్ళు. మూడు నెలల కిందట స్కానింగ్‌లో కుడి అండాశయంలో 6 సెంటీమీటర్ల సిస్ట్ ఉందన్నారు. కంగారు లేదు, మళ్ళీ చూద్దామన్నారు. ఈరోజు సాయంత్రం ఉన్నట్టుండి పొత్తికడుపులో కుడివైపు తట్టుకోలేని నొప్పి వచ్చింది, రెండుసార్లు వాంతి చేసుకుంది. గంటన్నరకి దానంతటదే తగ్గింది. ఇప్పుడు కొంచెం సలుపు మాత్రమే ఉందంటోంది, జ్వరం లేదు. ఇప్పుడే ఆసుపత్రికి పరిగెత్తాలా, సోమవారం మా డాక్టరుగారి దగ్గరికి వెళ్తే సరిపోతుందా?

సమాధానం:

ఇప్పుడే తీసుకెళ్ళండి. సోమవారం మాట అటుంచండి, తెల్లారేదాకా కూడా ఆగవద్దు. రాత్రిపూట స్కానింగ్ తీసేవాళ్ళు, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు అందుబాటులో ఉండే ఆసుపత్రి ఎమర్జెన్సీకి నేరుగా వెళ్ళండి. మొదట దగ్గర్లోని చిన్న క్లినిక్‌కి, అక్కణ్ణుంచి ఇంకోచోటికి అనుకుంటే ఆ తిరుగుడులోనే రాత్రంతా గడిచిపోతుంది. తనని ఒంటరిగా పంపకండి, బండి తనే నడుపుకుంటూ వెళ్ళనివ్వకండి. దారిలో కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పాత స్కానింగ్ రిపోర్టు వెంట పెట్టుకోండి. అన్నం, టిఫిను, పాలు ఏవీ పెట్టకండి, ఎందుకంటే ఆపరేషన్ అవసరమైతే ఖాళీ కడుపు కావాలి. దాహమైతే రెండు గుక్కల మంచినీళ్ళు చాలు. నొప్పి మళ్ళీ వస్తే, పారాసెటమాల్ పడనివాళ్ళు కాకపోతే, ఒక మాత్ర ఆ గుక్కనీళ్ళతో వేయవచ్చు. నొప్పి తగ్గిస్తే జబ్బు దొరకదనే భయం పెట్టుకోవద్దు. కాకపోతే మాత్రతో తగ్గిందని దారిలోంచి వెనక్కి తిరిగి రాకండి. మిగతాదంతా దారిలో చదువుకోండి.

నేను గైనకాలజిస్టుని, ఎమర్జెన్సీలో ఇలాంటి నొప్పితో వచ్చేవాళ్ళని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మీరు రాసినదాంట్లో నన్ను కలవరపెట్టినవి మూడు. ముందే తెలిసిన 6 సెంటీమీటర్ల సిస్ట్, క్షణంలో మొదలైన నొప్పి, దాంతోపాటే వాంతులు. ఈ మూడూ కలిస్తే ముందుగా అనుమానించాల్సింది అండాశయం మెలిపడటాన్ని. వైద్యంలో దీన్ని ఓవేరియన్ టోర్షన్ అంటాం. గంటన్నరలో తగ్గిపోవడం మీకు ఊరటగా కనిపిస్తోంది. నాకు మాత్రం అది అనుమానాన్ని ఏ మాత్రం తగ్గించదు. ఎందుకో చెప్తాను.

అండాశయం కడుపులో ఒకచోట అతుక్కుని ఉండదు. తొడిమకు వేలాడే కాయలా రెండు పట్టీల మధ్య వేలాడుతుంది. బయటివైపు పట్టీ కటి గోడకు, లోపలివైపు పట్టీ గర్భాశయానికి. బయటి పట్టీలోంచి అండాశయపు సొంత ధమని, సిర నడుస్తాయి. గర్భాశయం వైపునుంచి ఇంకో శాఖ వచ్చి కలుస్తుంది. మామూలు అండాశయం సుమారు 3 సెంటీమీటర్ల పొడవుంటుంది, తేలిక. దానిమీద 6 సెంటీమీటర్ల నీళ్ళ సంచి పెరిగితే బరువు ఒకవైపుకి లాగుతుంది. పక్కమీద దొర్లినా, వంగి లేచినా, వ్యాయామం చేసినా, కలయిక సమయంలోనైనా అది తన తొడిమ చుట్టూ తానే తిరిగిపోవచ్చు. ఏ కారణమూ లేకుండా కూడా తిరుగుతుంది, కాబట్టి "ఏం చేశావు" అని ఆమెని నిలదీయకండి.

తిరిగితే జరిగేదేమిటంటే, సిరల గోడలు పల్చన, వాటిలో ఒత్తిడి తక్కువ, అందుకని మెలికలో ముందు అవే మూసుకుపోతాయి. ధమని గోడ గట్టిది, వెనకనుంచి గుండె నెడుతూ ఉంటుంది, అది ఇంకాసేపు రక్తాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. వచ్చే దారి ఉంది, పోయే దారి లేదు. అండాశయం ఉబ్బుతుంది, బరువెక్కుతుంది, పైపొర సాగుతుంది. ఆ భరించలేని నొప్పి, వాంతులు అప్పుడు వస్తాయి. వాపు పెరిగేకొద్దీ మెలిక ఇంకా బిగుసుకుంటుంది, చివరికి ధమని కూడా మూసుకుపోతుంది. అక్కణ్ణుంచి కణజాలం చచ్చిపోవడం మొదలవుతుంది.

ఇప్పుడు నొప్పి తగ్గడం సంగతి. దీనికి దారులు రెండున్నాయి. ఒకటి, మెలిక దానంతటదే విడిపోయి ఉండవచ్చు. సగం తిరిగిన అండాశయం వెనక్కి తిరగడం నిజంగానే జరుగుతుంది. రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి, వచ్చిపోయే నొప్పి ఉందని చెప్పే పేషెంట్లలో చాలామంది కథ ఇదే. కానీ తిప్పిన సిస్ట్ అక్కడే ఉంది, ఈ రాత్రే మళ్ళీ తిరగవచ్చు, ఈసారి విడిపోకపోవచ్చు. రెండోది, మెలిక అలాగే ఉండి, రక్తం అందక అక్కడి కణజాలం, నరాలతో సహా, మొద్దుబారి ఉండవచ్చు. అప్పుడూ పదునైన నొప్పి పోయి సలుపే మిగులుతుంది. ఈ రెంటిలో ఏది జరిగిందో బయటనుంచి చెప్పడానికి మీకు వీలులేదు, నాకూ వీలులేదు. లోపల చూడాల్సిందే.

సిస్ట్ ఉన్న ప్రతివాళ్ళకీ ఇలా అవుతుందని కాదు. మెలిపడే ముప్పు 5 సెంటీమీటర్లు దాటినవాటికి ఎక్కువ. డెర్మాయిడ్ అనే రకం, అంటే లోపల కొవ్వు, వెంట్రుకల్లాంటివి ఉండేది, బరువువల్ల తరచు తిరుగుతుంది. గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చిన సిస్టులు చుట్టుపక్కలకి అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి తక్కువగా తిరుగుతాయి. ఎడమవైపు పెద్దపేగు చివరిభాగం చోటు ఆక్రమిస్తుంది, కుడివైపు ఖాళీ ఎక్కువ, అందుకని కుడి అండాశయమే ఎక్కువగా మెలిపడుతుంది. గర్భంతో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా మొదటి నెలల్లో, పిల్లల కోసం అండాల ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళకి ముప్పు పెరుగుతుంది. చిన్నపిల్లల్లో అయితే ఏ సిస్టూ లేని మామూలు అండాశయం కూడా తిరగగలదు. పదేళ్ళ పిల్ల పొత్తికడుపు పట్టుకుని వాంతులు చేసుకుంటుంటే ఇది చాలామందికి తట్టదు, అందుకని చెప్తున్నాను.

ఈ నొప్పిని వేరే నొప్పులనుంచి విడదీసే ఆనవాలు దాని మొదలు. "గిన్నె తోముతున్నాను, టక్కున పట్టేసింది" అంటారు. ఏం చేస్తుండగా మొదలైందో, ఎన్నింటికి మొదలైందో చెప్పగలుగుతారు. అపెండిక్స్ నొప్పి సాధారణంగా అలా కాదు, బొడ్డు చుట్టూ మెల్లగా మొదలై కొన్ని గంటల్లో కుడివైపుకి దిగుతుంది, ఆకలి చచ్చిపోతుంది. మూత్రపిండంలో రాయి అయితే నొప్పి నడుము వెనకనుంచి గజ్జల్లోకి పాకుతుంది. అవి పుస్తకంలో చెప్పినంత శుభ్రంగా విడిపోవు, ఆసుపత్రిలో కూడా తడబాటు ఉంటుంది. వాంతులు మెలిపడినవాళ్ళలో ఎక్కువమందికి ఉంటాయి, నొప్పితో పాటే వస్తాయి. అందుకే "గ్యాస్", "ఏదో పడలేదు" అనుకుని ఇంట్లో కూర్చోబెడతారు. జ్వరం మొదట్లో ఉండదు. జ్వరం వచ్చేసరికి చాలావరకు ఆలస్యమైపోయినట్టే, కాబట్టి జ్వరం లేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

రెండో అవకాశం సిస్ట్ పగలడం. దీని తీరు వేరు. నెలనెలా అండం విడుదలైన తర్వాత ఆ చోట పసుపుపచ్చని గడ్డలాంటి కణజాలం ఏర్పడుతుంది, కార్పస్ లూటియం అంటాం. దానికి రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి. అందుకని నెలసరికి ముందు వారం, పదిరోజుల్లో అది సిస్టులా ఉబ్బి పగిలితే రక్తం కారుతుంది. నొప్పి ఒక్క పోటుతో మొదలై పొత్తికడుపంతా పరుచుకుంటుంది, కలయిక తర్వాతో వ్యాయామం మధ్యలోనో మొదలవడం మామూలు. ఎక్కువమందికి లోపల పడిన ద్రవం కొద్దిగానే ఉంటుంది, రోజుల్లో ఇంకిపోతుంది, నొప్పి మందులు, విశ్రాంతితో సరిపోతుంది. ఆపరేషన్ అక్కర్లేదు.

ప్రమాదం రక్తం ఆగకపోతేనే. లేచి నిలబడితే కళ్ళు తిరగడం, చల్లటి చెమట, మొహం పాలిపోవడం, పొట్ట గట్టిపడి ఉబ్బడం దానికి గుర్తులు. ఒక వింత గుర్తుంది: వెల్లకిలా పడుకున్నప్పుడు భుజం చివర నొప్పి. భుజానికి ఏమీ కాదు. కడుపులో చేరిన రక్తం పైకి వెళ్ళి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరపు పొరని తాకితే, ఆ నరానిదీ భుజపు చర్మానిదీ వెన్నులో మూలం ఒకటే కావడంవల్ల మెదడు దాన్ని భుజం నొప్పిగా పోల్చుకుంటుంది. పొత్తికడుపు నొప్పితో పాటు ఈ మాట ఎవరైనా అంటే నేను ఆగకుండా లేచి వెళ్తాను.

వయసులో ఉన్న ఆడపిల్లల శరీరం రక్తస్రావాన్ని చాలాసేపు దాచిపెడుతుంది. రక్తనాళాలు బిగించి, గుండె వేగం పెంచి, బీపీని నిలబెట్టుకుంటుంది. ఒంట్లోని రక్తంలో దాదాపు మూడోవంతు పోయేదాకా బీపీ అంకెలు మామూలుగానే ఉండవచ్చు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. మొదట మారేది పల్స్. కాబట్టి "బీపీ బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్ళండి" అంటే పల్స్ ఎంత ఉందో అడగండి. విశ్రాంతిగా పడుకున్నా వందపైన ఉంటే, లేచి కూర్చుంటే ఇంకా పెరుగుతుంటే, అది ఇంటికి వెళ్ళే పరిస్థితి కాదు. గుండె వాల్వుకోసమో, కాళ్ళలో గడ్డకోసమో రక్తం పల్చబడే వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్ళు, పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని లోపం ఉన్నవాళ్ళు ఈ సంగతి గేటు దగ్గరే చెప్పాలి. వాళ్ళకి చిన్న సిస్ట్ పగిలినా ప్రాణంమీదకి వస్తుంది. డెర్మాయిడ్ పగలడం తక్కువ, కానీ పగిలితే అందులోని జిడ్డు పదార్థం కడుపు పొరలను మండిస్తుంది, ఆపరేషన్ చేసి కడగాల్సి ఉంటుంది.

ఆసుపత్రిలో మొదట మూత్రంతో గర్భపరీక్ష చేస్తారు. పెళ్ళి కాలేదని దాన్ని ఆపకండి, అవమానంగా తీసుకోకండి. ట్యూబులో గర్భం పగిలితే కూడా అచ్చంగా ఇదే నొప్పి, ఇదే రక్తస్రావం. ఆ ఒక్క పరీక్ష లేకుండా ఏ డాక్టరూ ముందుకు వెళ్ళకూడదు. ఇంకో మనవి. డాక్టరు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలంటే మీరు బయటకి వెళ్ళండి, అడగకపోయినా మీరే వెళ్ళండి. అన్నయ్య ముందు, అమ్మ ముందు చెప్పలేని సంగతులు ఉంటాయి. ఒక్కోసారి రోగనిర్ధారణ మొత్తం ఆ రెండు నిమిషాల మాటలమీదే నిలబడుతుంది.

తర్వాత స్కానింగ్. చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మామూలు స్కానింగ్‌తోపాటు డాప్లర్ అని రక్తప్రసరణని రంగుల్లో చూపే పరీక్ష చేస్తారు. అండాశయంలో రక్తం కదులుతున్నట్టు కనిపించకపోతే, మిగతా లక్షణాలు కూడా కుదిరితే, మెలిపడిందనే అనుమానం బాగా బలపడుతుంది. కానీ రక్తం కనిపించినంతమాత్రాన మెలిపడలేదని అనకూడదు. పైన చెప్పినట్టు ధమని చివరికి మూసుకుంటుంది, పైగా రక్తం రెండు దారుల్లో వస్తుంది. మెలిపడి ఆపరేషన్‌లో కళ్ళారా చూసిన కేసుల్లో చాలావాటికి అంతకుముందు డాప్లర్ మామూలుగానే వచ్చింది. అందుకే మేము డాప్లర్ రంగులకంటే అండాశయం పరిమాణం, అది ఉన్న చోటు, రెండోవైపుతో తేడా ఎక్కువగా చూస్తాం. మూడు నెలల కిందటి రిపోర్టు తీసుకెళ్ళమన్నది ఇందుకే. అప్పటికంటే అండాశయం బాగా ఉబ్బిందా, చిన్నచిన్న అండపు సంచులు అంచులకి నెట్టుకుపోయాయా, పక్కన ఉండాల్సింది గర్భాశయం ముందుకో వెనక్కో జరిగిందా, తొడిమలో నాళాలు సుడి తిరిగినట్టు కనిపిస్తున్నాయా, ఇవి చెప్పే సాక్ష్యం గట్టిది.

నేను చూసిన ఒకామె సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. 27 ఏళ్ళు, ఇంకా పిల్లలు లేరు, కుడి అండాశయంలో 7 సెంటీమీటర్ల డెర్మాయిడ్ ఉన్నట్టు ముందే తెలుసు. నీళ్ళ బకెట్ ఎత్తి దించగానే నొప్పి, వాంతులు. ఒకచోట గ్యాస్‌కి ఇంజెక్షన్ ఇచ్చారు, గంటలో తగ్గింది, ఇంటికి పంపేశారు. మర్నాడు పగలంతా బాగానే ఉంది, వంట కూడా చేసింది. ఆ రాత్రి రెండింటికి మళ్ళీ పట్టేసింది, ఈసారి తగ్గలేదు. మా దగ్గరకి వచ్చేసరికి పల్స్ 96, బీపీ 118/76, జ్వరం లేదు, గర్భపరీక్ష నెగెటివ్, హిమోగ్లోబిన్ 11.4, తెల్లకణాలు కొద్దిగా పెరిగి 11,800. ఇందులో ఒక్క అంకె కూడా భయపెట్టేది కాదు. స్కానింగ్‌లో 7 సెంటీమీటర్ల సిస్ట్ ఉన్న అండాశయం మొత్తం 10 సెంటీమీటర్లకి పెరిగింది, కుడిపక్క ఉండాల్సింది మధ్యకి వచ్చి గర్భాశయం ముందు కూర్చుంది, కింద కొంచెం ద్రవం. డాప్లర్‌లో రక్తప్రసరణ ఉంది.

రిపోర్టులో ఆ చివరి వాక్యం చదివి వాళ్ళ నాన్నగారు "రక్తం ఆడుతోంది కదా డాక్టర్, రెండురోజులు మందులతో చూద్దాం" అన్నారు. నేను ఆయనకి ఇందాక మీకు చెప్పిన సిరల సంగతే చెప్పాను. మొదలైన తీరు, వాంతులు, పెరిగిన పరిమాణం, మారిన చోటు, ఈ నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి, ఒక్క రంగు చుక్క వాటిని కొట్టేయలేదని చెప్పాను. ఇంకో నిజం కూడా చెప్పాను: లోపల చూసేదాకా ఇది అనుమానమే, చూశాక మెలిక లేదని తేలవచ్చు కూడా. అనవసరంగా ఒకసారి కెమెరా పెట్టి చూడటంవల్ల జరిగే నష్టం చిన్నది, ఆగి అండాశయం పోగొట్టుకుంటే అది తిరిగిరాదు. ఆయన ఒప్పుకున్నారు.

ల్యాపరోస్కోపీలో చూస్తే తొడిమ రెండున్నర చుట్లు తిరిగి ఉంది, ట్యూబు కూడా దాంతోపాటే చుట్టుకుంది. అండాశయం నేరేడుపండు రంగులో ఉంది. చుట్లు విప్పి, వెచ్చటి సెలైన్ పోసి, పది నిమిషాలు ఆగాం. రంగు కొద్దిగా విడిచింది అంతే, గులాబీ రంగులోకి రాలేదు. అయినా తీసేయలేదు. వాపు విపరీతంగా ఉన్నప్పుడు సిస్టుని ఒలిస్తే మంచి కణజాలం చిరిగి వచ్చేస్తుంది, అందుకని ఆరోజుకి ఆమె విషయంలో సిస్టుని కూడా ముట్టుకోలేదు. నొప్పి మళ్ళీ వస్తే ఏ గంటైనా రమ్మని చెప్పి పంపి, ఎనిమిది వారాలకి రెండోసారి ల్యాపరోస్కోపీలో సిస్టుని మాత్రం ఒలిచాం. దానికి ముందు తీసిన స్కానింగ్‌లో, ఆరోజు నల్లగా చూసిన ఆ అండాశయంలోనే, కొత్త అండాల సంచులు వరసగా కనిపించాయి.

ఇది అరుదైన అదృష్టం కాదు. చూపుకి చచ్చిపోయినట్టున్న అండాశయాల్లో చాలావరకు విప్పితే కోలుకుంటాయి. ఆ నలుపు ఎక్కువగా నిలిచిపోయిన రక్తంవల్ల వచ్చేది, రంగు చూసి బతికుందో లేదో చెప్పలేం. పూర్వం నల్లగా కనిపిస్తే తీసేసేవారు, విప్పితే అందులోని రక్తపు గడ్డలు ఊపిరితిత్తులకి వెళ్తాయని భయపడేవారు. ఆ తర్వాతి అనుభవంలో ఆ భయానికి ఆధారం దొరకలేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2019లో టీనేజీ పిల్లల విషయంలో ఇచ్చిన సలహా కూడా ఇదే: ఎలా కనిపించినా విప్పి, అండాశయాన్ని ఉంచండి అని. తీసేయాల్సిన సందర్భాలు లేకపోలేదు. ముట్టుకుంటే ఊడి వచ్చేంతగా కుళ్ళినప్పుడు, క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉన్నప్పుడు, నెలసరి ఆగిపోయిన వయసువాళ్ళకి తీసేయడమే మంచిది. మీ చెల్లెలి వయసులో మాత్రం సంతకం పెట్టేముందు సర్జన్‌ని ఒక ప్రశ్న అడగండి: "మెలిపడి ఉంటే విప్పి ఉంచుతారా, నల్లగా ఉంటే తీసేస్తారా?" ఈ ప్రశ్నకి ఏ మంచి సర్జనూ కోపగించుకోరు. ఉంచడానికే ప్రయత్నిస్తామని, ఏ పరిస్థితిలో ఉంచలేమో, చెప్తారు.

ఎన్ని గంటల్లోపు చేయాలని మీరు అడుగుతారని తెలుసు. దీనికి గడియారం పెట్టి చెప్పే హద్దు లేదు. చుట్టు వదులుగా ఉంటే ఒక రోజు దాటినా అండాశయం బతికి ఉంటుంది, బిగుతుగా ఉంటే కొన్ని గంటల్లోనే దెబ్బతింటుంది. బయటనుంచి ఆ బిగువు తెలియదు. మొదటి కొద్ది గంటల్లో విప్పితే అవకాశాలు చాలా బాగుంటాయి, గంట గడిచేకొద్దీ తగ్గుతాయి. అలాగని ఇప్పటికే ఆలస్యమైంది, ఇక వెళ్ళి ఏం లాభం అని ఎవరూ ఆగకూడదు. రెండోరోజు, మూడోరోజు వచ్చినవాళ్ళవి కూడా నిలిచాయి.

స్కానింగ్‌లో పగిలిన సిస్టని తేలితే వాళ్ళు వెంటనే ఆపరేషన్ చేయకుండా ఉంచుకుని చూస్తామంటారు, అది నిర్లక్ష్యం కాదు, సరైన పద్ధతే. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి హిమోగ్లోబిన్ చూస్తారు, పల్స్ గమనిస్తారు, అవసరమైతే మళ్ళీ స్కానింగ్ తీస్తారు. మొదటి హిమోగ్లోబిన్ బాగుందని నిశ్చింతపడకండి, రక్తం పోయిన వెంటనే ఆ అంకె మారదు, ఒంట్లోని నీరు రక్తనాళాల్లోకి చేరాకే పడుతుంది. రెండో అంకె ముఖ్యం. అది నిలకడగా ఉండి, నొప్పి తగ్గుతుంటే ఇంటికి పంపిస్తారు. పడిపోతుంటే, లేదా లోపల ద్రవం పెరుగుతుంటే, ల్యాపరోస్కోపీ చేసి కారుతున్న చోటుని మూస్తారు.

ఒకవేళ అన్నీ చూసి ఈ రాత్రి మెలిక లేదు, ఆపరేషన్ అక్కర్లేదు అని పంపిస్తే, 6 సెంటీమీటర్ల సిస్ట్ ఇంకా అక్కడే ఉందని మర్చిపోకండి. మూడు నెలలైనా తగ్గకుండా ఉండి, ఇప్పుడు ఇలా నొప్పి కూడా తెచ్చిందంటే, దాన్ని తీయించే విషయం ఈ వారంలోనే మాట్లాడండి. ఇలాంటి సిస్టుని ముందుగా అనుకున్న రోజున, వాపు లేనప్పుడు, అండాశయాన్ని ఉంచి ఒలవడం చాలా సులువు. ఈలోగా పరుగు, గెంతులు ఉండే వ్యాయామం, బరువులెత్తడం, కలయిక మానుకోమని చెప్తాం. డిశ్చార్జి కాగితంమీద ఏ లక్షణాలకి వెంటనే తిరిగి రావాలో రాయించుకోండి. రాత్రి రెండింటికి నొప్పి మళ్ళీ వస్తే వాళ్ళు మొదట అడిగేది ఆ కాగితమే.